కుక్క వచ్చింది, రైలు వెళ్ళిపోయింది: స్పానిష్ భూతకాలాల సంగతి

ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ నిర్వహించే దెలె పరీక్షలో బి1 అంటే మధ్యస్థాయి. దాని రాత పేపరుకు 60 నిమిషాలు, రెండు ప్రశ్నలు. మొదటిది 100 నుంచి 120 మాటల ఉత్తరం. రెండోది 130 నుంచి 150 మాటల వ్యాసం, ఇచ్చిన రెండు అంశాల్లో ఒకటి ఎంచుకోవచ్చు. ఏది తీసుకున్నా, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పాల్సిన అవసరం దాదాపుగా వస్తుంది. అంతవరకు సాఫీగా సాగిన కలం అక్కడ ఆగుతుంది. జరిగిపోయినదాన్ని చెప్పడానికి స్పానిష్‌లో ఒక్క రూపం సరిపోదు మరి.

నిజానికి రోజూ ఇబ్బంది పెట్టేవి రెండే. ఒకటి ఇన్‌దెఫినీదో, రెండోది ఇంపెర్‌ఫెక్తో. కోమి అంటే తిన్నాను, పని అయిపోయింది. కోమియా అంటే తినేవాణ్ణి. ‘వాళ్ళు వచ్చేసరికి నేను తింటున్నాను’ అన్నప్పుడు కూడా కోమియానే వాడాలి. తెలుగులో రెండు రూపాలు చేసే పనిని అక్కడ ఒక్కటే చేస్తుంది. తినేవాణ్ణి, తింటున్నాను అనేవి మన నోటికి అలవాటైనవే కాబట్టి ఇంతవరకు మనకు పెద్ద కష్టం లేదు.

చిక్కు వేరేచోట ఉంది. ‘చిన్నప్పుడు గుంటూరులో ఐదేళ్ళు ఉండేవాళ్ళం’ అంటే మన చెవికి ఏ తేడా తగలదు. అదే అలవాటుతో స్పానిష్‌లో బివీయామోస్ సింకో ఆన్యోస్ అని రాస్తే తప్పు. ఐదేళ్ళు అనగానే ఆ కాలానికి మొదలూ చివరా పడ్డాయి, అది మూతపడిన పెట్టె అయింది. పెట్టె మూసి ఉంటే ఇన్‌దెఫినీదో: బివీమోస్ సింకో ఆన్యోస్. ‘ఐదేళ్ళు’ తీసేసి ‘చిన్నప్పుడు గుంటూరులో ఉండేవాళ్ళం’ అని మాత్రమే చెబితే బివీయామోస్ సరైనదే, ఎప్పటిదాకా అన్నది మనం చెప్పలేదు కాబట్టి. ఎంత సేపు సాగిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. వెయ్యేళ్ళు సాగిన పాలనకైనా గట్లు వేసి చెబితే ఇన్‌దెఫినీదోనే.

ఈ కారణంగానే గైడ్లలో ఇచ్చే ‘గుర్తు మాటల’ పట్టికలంటే నాకు పెద్ద నమ్మకం లేదు. ‘తోదోస్ లోస్ దియాస్’, అంటే రోజూ అన్న మాట కనిపిస్తే ఇంపెర్‌ఫెక్తో రాయమంటారు. కానీ ‘ఆ సెలవుల్లో రోజూ బీచ్‌కి వెళ్ళాను’ అనడానికి స్పానిష్‌వాళ్ళు మామూలుగా ‘ఫుయీ తోదోస్ లోస్ దియాస్’ అనే అంటారు. సెలవులు అయిపోయాయి కదా. గుర్తు మాట సూచన ఇస్తుంది, అంతే. తీర్పు మాత్రం వాక్యానిదే.

ఒక చిన్న కథ రాసి చూద్దాం. ముందు జరిగిన పనులు మాత్రమే, వరసగా: కుక్క వచ్చింది, మా అన్నం ఎత్తుకుపోయింది, దాని వెనక పరిగెత్తాం, వెనక్కి వచ్చాం. స్పానిష్‌లో ఎంత్రో, సే యెవో, కొర్రీమోస్, బొల్బీమోస్. నాలుగూ ఇన్‌దెఫినీదోలే. ఒక్కో క్రియతో కథ ఒక అడుగు ముందుకు వేస్తుంది. ఈ నాలుగు చదివితే ఏం జరిగిందో ఎవరికైనా అర్థమవుతుంది. కథకు ఎముకలు ఇవే.

తర్వాత మొదటికి వచ్చి, అప్పుడు పరిస్థితి ఎలా ఉందో నింపాలి. వేసవి కాలం: ఏరా బెరానో. బాగా ఎండగా ఉంది: ఆసియా ముచో కలోర్. నేనూ అక్కా స్టేషన్లో రైలు కోసం చూస్తున్నాం: ఎస్పెరాబామోస్ ఎల్ త్రెన్. మూడూ ఇంపెర్‌ఫెక్తోలు. ఈ మూడు వాక్యాల్లో గడియారం ముల్లు కదలదు. వీటిని తీసేసినా కథ నడుస్తుంది, కానీ ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలియదు. ఏ క్రియ దగ్గరైనా అనుమానం వస్తే దాన్ని తీసేసి చదవండి. కథలో మెట్టు ఊడిపోతే ఇన్‌దెఫినీదో, చుట్టూ ఉన్న దృశ్యం మాత్రమే పోతే ఇంపెర్‌ఫెక్తో.

చివరి వాక్యం: మేం తిరిగి వచ్చేసరికి రైలు వెళ్ళిపోయింది. తెలుగులో ‘వచ్చేసరికి’ అన్న మాటే ఏది ముందో చెప్పేస్తుంది. స్పానిష్‌లో ఆ వరసను క్రియ కూడా చూపించాలి. త్రెన్ యా అబియా సలీదో అనాలి, దీని పేరు ప్లుస్కువాంపెర్‌ఫెక్తో. ఇక్కడ ‘సలియో’ అని ఇన్‌దెఫినీదో రాస్తే, మేం వచ్చాకే, మా కళ్ళ ముందే రైలు కదిలిందని చదివేవాళ్ళు అనుకుంటారు. వ్యాసంలో ఇలాంటి వాక్యం ఒకటి సరిగ్గా పడితే చాలు, కథను వెనక్కీ ముందుకీ నడపడం వచ్చని తెలిసిపోతుంది. నాలుగైదు కుక్కితే కథ ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

ఇదే కథలో ‘పరిగెత్తాం’ దగ్గర కొర్రీయామోస్ అని ఇంపెర్‌ఫెక్తో రాశారనుకోండి. వ్యాకరణం తప్పు పట్టదు. కానీ ‘మేం పరుగెడుతూ ఉన్నాం’ అని విన్న స్పానిష్ మనిషి, ఆ మధ్యలో ఏమైందో చెబుతారని ఎదురుచూస్తాడు. మీరు ఏమీ చెప్పరు. తప్పు ఎక్కడుందో చూపించలేం గానీ కథ మాత్రం కుంటుతుంది.

కొన్ని క్రియలకు రూపం మారితే తెలుగులో మాటే మారిపోతుంది. సబియా అంటే అప్పటికే తెలుసు, సూపె అంటే అప్పుడు తెలిసింది. ‘రైలు వెళ్ళిపోయిందని పోర్టరు చెబితే తెలిసింది’ అనే చోట సూపె రావాలి.

ఇంట్లో సాధనకు నేను చెప్పే పద్ధతి పైన చేసినదే. ముందు ఎముకలు, తర్వాత దృశ్యం, చివర వెనక్కి చూసే వాక్యం ఒకటి. ఒకే సంఘటనను ఇలా మూడు విడతలుగా రాస్తే ఏ క్రియ ఏ పని చేస్తోందో చేతికి తెలుస్తుంది. దీనికి తోడు ఇంకొకటి ఉంది. స్పానిష్‌లో ఒక చిన్న అనుభవ కథనం తీసుకుని, భూతకాల క్రియలన్నిటినీ నిఘంటువులో ఉండే మూల రూపానికి మార్చి రాసుకోండి. రెండు మూడు రోజులు ఆగి, అసలు చూడకుండా నింపండి. చదివే పేపరు చివర ఖాళీలకు మూడేసి జవాబులిచ్చే ప్రశ్న ఉంటుంది, దానికీ ఇది పనికొస్తుంది. అసలుతో పోల్చినప్పుడు తేడా వచ్చిన చోట వెంటనే కొట్టివేత పెట్టకండి. మీరు రాసిన రూపంతో వాక్యానికి ఏ అర్థం వస్తుందో తెలుగులో చెప్పుకోండి. చాలాసార్లు అదీ సరైన వాక్యమే అవుతుంది, కాకపోతే వేరే కథ చెబుతుంది.

రూపాలు బట్టీ పట్టక తప్పదు, అయితే భారం అంతా ఒకవైపే. ఇంపెర్‌ఫెక్తోలో దారి తప్పే క్రియలు మూడే: సేర్, ఈర్, బేర్. ఇన్‌దెఫినీదోలో మాత్రం తూబె, ఈసె, దీహె లాంటివి బోలెడు. పైగా ‘వెళ్ళాను’, ‘అయ్యాను’ రెండింటికీ ఒకటే రూపం, ఫుయీ. సమయం అక్కడ పెట్టండి.

నాలుగో రూపం, పెర్‌ఫెక్తో, ఊరినిబట్టి మారుతుంది. ఈ రోజు తిన్నాననడానికి మాద్రిద్‌లో ఒయ్ ఏ కొమీదో అంటారు. మెక్సికోలోనో బ్యూనస్ ఎయిర్స్‌లోనో ఒయ్ కోమి అనడం మామూలు. పరీక్షలో రెండూ చెల్లుతాయి. ఒక వ్యాసంలో ఒక పద్ధతికే కట్టుబడి ఉండండి, చాలు.

రాయడం అయ్యాక చివరి నిమిషాలు అక్షరాల మీది గీతలకు ఉంచుకోండి. కుక్క లోపలికి వచ్చింది అనే ఎంత్రోలో చివరి అక్షరం మీద గీత ఉంటుంది, ఊనిక కూడా అక్కడే. ఆ గీత మరిచిపోతే మాట ‘నేను లోపలికి వస్తున్నాను’ అయిపోతుంది. కాలమూ మారింది, మనిషీ మారాడు. ఇన్‌దెఫినీదో క్రియలను మాత్రం వేలు పెట్టి ఒక్కొక్కటిగా చూసుకుంటే ఇలాంటివి దొరికిపోతాయి.