వోల్గా ఒడ్డున చుక్కకూర పప్పు

రష్యాలోని వోల్గోగ్రాద్‌లో మెడిసిన్ చదివే మన పిల్లలకు జనవరి వచ్చేసరికి రెండు కష్టాలు. బయట ఎముకలు కొరికే చలి, డబ్బాలో అడుగంటిన చింతపండు. కందిపప్పు మాట సరేసరి. అయినా పప్పు తినాలనిపిస్తే ఆ ఊరి బజారు మరీ నిరాశపరచదు.

అక్కడ షావెల్ అనే పుల్లటి ఆకుకూర దొరుకుతుంది. వేసవి మొదట్లో కట్టలుగా, చలికాలంలో ఉప్పేసి సీసాల్లో పెట్టి అమ్ముతారు. రష్యన్లు దాంతో సూపు కాచుకుంటారు. మనవాళ్లు దాన్ని ‘రష్యా గోంగూర’ అనుకుంటే మాత్రం దెబ్బతింటారు. అది చుక్కకూర జాతిది. వేడి తగిలితే రెండు నిమిషాల్లో కరిగిపోతుంది, రంగు కూడా ఆలివ్ పచ్చగా మారుతుంది. గోంగూరలా నూనెలో మగ్గి పచ్చడికి నిలవదు. అందుకే పచ్చడి ఆశ వదిలేసి చుక్కకూర పప్పు చేసుకోవడమే తెలివి.

కందిపప్పు బదులు పసుపుపచ్చని బఠాణీ బద్దలు, అక్కడి మాటలో గోరొఖ్. గ్లాసు బద్దలు రాత్రి నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లతో సన్నని మంట మీద ముప్పావుగంట ఉడికించాలి. నురగ బాగా పొంగుతుంది, తీసేస్తుండాలి. బద్దను వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలిగిపోవాలి. అంతవరకూ ఆకు వేయకూడదు. పులుపు తగిలిందంటే బద్దలు బిరుసెక్కి, ఆ తర్వాత ఎంత మరిగించినా ఓ పట్టాన ఉడకవు. చాలామంది పప్పు చెడేది ఇక్కడే. సీసా ఆకైతే అందులోనే ఉప్పుంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయాలి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు దాన్ని తినేస్తుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఈ కూర జోలికి పోకపోవడం మంచిది, ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ.

పోపు దగ్గర ఆ ఊరిది పైచేయి. వోల్గోగ్రాద్ దక్షిణాన ఉన్న సరెప్తా, 1765లో జర్మన్లు వచ్చి స్థిరపడిన పేట, ఆవాలకు పేరుమోసింది. అక్కడి ఆవాలు మన దేశంలో పండే ఆవజాతివే. దోసకాయలు ఊరబెట్టడానికి అమ్మే పొట్లాల్లో వెతికితే గింజలు దొరుకుతాయి. జీలకర్ర కోసం పులావు దినుసులు అమ్మే మధ్య ఆసియా వర్తకుల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు కూడా దాన్ని ‘జిరా’ అనే అంటారు. ఎర్రపొడి కొనేటప్పుడు మాత్రం పేరు చదవాలి. ‘పప్రికా’ అని ఉంటే అందులో రంగే తప్ప కారం ఉండదు.

పొద్దుతిరుగుడు నూనెలో ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, ఇంగువ లోటు తీర్చడానికి చితక్కొట్టిన నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు వేసి ఎర్రగా వేగనివ్వాలి. కరివేపాకు బదులు బిర్యానీ ఆకు వేసేవాళ్లున్నారు. నా మటుకు అది పప్పును పాడుచేస్తుంది, ఏమీ వేయకపోవడమే నయం.

రాత్రి మిగిలిన బఠాణీ పప్పు పొద్దున్నకి చాకుతో కోయాల్సినంత గట్టిపడుతుంది. చెడిపోయిందని పారేయకండి, అరగ్లాసు మరిగే నీళ్లు పోసి కలిపితే మళ్లీ జారుగా వస్తుంది.