ఒకే కొండ మీద రెండు ఆరంభాలు

అగ్నిపర్వతం పేలితే ప్రాథమిక అనుక్రమం, అడవి తగలబడితే ద్వితీయ అనుక్రమం. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు చాలామంది ఇలాగే బట్టీపట్టి పరీక్షకు వెళ్తారు. అమెరికాలోని సెయింట్ హెలెన్స్ కొండ సంగతి తెలిస్తే ఆ గుర్తు ఎంత బలహీనమో అర్థమవుతుంది.

1980 మే 18 ఉదయం ఆ అగ్నిపర్వతం ఉత్తరం వైపు బద్దలైంది. కొండకు దగ్గరగా ఉన్న నేల మీదికి మండే బూడిద, తేలికైన నురగరాయి వచ్చిపడి, పాత మట్టిని విత్తనాలతో సహా లోతుగా కప్పేశాయి. పైన మిగిలింది ఉత్త రాతిపొడి. అందులో నత్రజని దాదాపు లేదు. జీవం ఇలా మట్టి కూడా లేనిచోట మొదలైతే అది ప్రాథమిక అనుక్రమం. బండ మీద ముందు లైకెన్లు వస్తాయని పుస్తకాలు చెబుతాయి. ఇక్కడ మాత్రం మొదట నిలదొక్కుకున్నది లూపిన్ అనే చిన్న మొక్క. చిక్కుడు కుటుంబానిదే. దాని వేరుబుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి ఆ పేద నేలలోనూ బతికింది. అది రాల్చిన ఆకులు, చచ్చిన వేళ్లు కుళ్లి, తర్వాత వచ్చే మొక్కలకు మట్టిని తయారుచేశాయి. ఈ పని నిదానంగా సాగుతుంది. పైగా గొంగళిపురుగులు లూపిన్లను తినేసి, దాని వ్యాప్తిని ఇంకా వెనక్కి లాగాయి.

అక్కడి నుంచి కాస్త దూరం వెళ్తే వేడిగాలి దెబ్బకు మహావృక్షాలు వరసగా నేలకొరిగిన ప్రాంతం. పైకి అదీ శ్మశానమే. కానీ బూడిద పొర కింద పాత మట్టి అలాగే ఉంది. మే నెలైనా కొన్నిచోట్ల మంచు కరగలేదు, దాని కింద చిన్న మొక్కలు బతికిపోయాయి. బొరియల్లో ఉండే గోఫర్ అనే ఎలుకజాతి జంతువులూ కొన్ని మిగిలాయి. అవి తవ్వి పోసిన కుప్పల్లో పాత మట్టి బూడిదతో కలిసి పైకొచ్చింది, అందులో మొక్కలు మొలిచాయి. ఇది ద్వితీయ అనుక్రమం. మట్టి, వేళ్లు, విత్తనాలు ముందే ఉన్నాయి కాబట్టి త్వరగా సాగింది.

కాబట్టి పరీక్షలో ఏ ఉదాహరణ ఇచ్చినా విపత్తు పేరు చూడకండి, దాని తర్వాత మట్టి మిగిలిందా అని చూడండి. హిమానీనదం వెనక్కి తగ్గితే బయటపడిన రాళ్లు మొదటి రకం. మన తూర్పు కనుమల్లో పోడు కొట్టి, కొన్నాళ్లు పండించి వదిలేసిన చెలక రెండో రకం. నరికిన మోళ్లు వానలు పడగానే చిగురిస్తాయి, గడ్డి, పొదలు కమ్ముకుంటాయి. అయితే ఆ వాలు మీద వానలు మట్టినంతా కోసుకుపోయి బండ తేలితే, అక్కడ మళ్లీ మొదలయ్యేది ప్రాథమిక అనుక్రమమే.