వరుస లేనిచోట బైనరీ సెర్చ్

బైనరీ సెర్చ్ అనగానే క్రమంలో పేర్చిన అంకెల జాబితా గుర్తుకొస్తుంది. నిజానికి దానికి జాబితాతో పనిలేదు. ఒక ప్రశ్నకు కొంతదూరం వరకు ‘కాదు’ అనే జవాబే వచ్చి, ఒకచోట ‘అవును’గా మారి, ఆ తర్వాత మళ్లీ మారకుండా ఉంటే చాలు. ఆ మారే చోటును సగం సగం తగ్గించుకుంటూ పట్టుకోవచ్చు. అలాంటప్పుడు వెతికేది జాబితాలో కాదు, జవాబు కాగల అంకెల్లోనే.

ఒక రైస్ మిల్లు నుంచి ఏడు లాట్ల బియ్యం వెళ్లాలి. వాటి బరువులు వరుసగా 4, 7, 3, 6, 5, 2, 8 టన్నులు. వరుస తప్పకూడదు, ఏ లాటునూ విడగొట్టకూడదు. లారీ రోజుకు ఒక్క ట్రిప్పే వేస్తుంది. మూడు రోజుల్లోపు సరుకంతా చేరాలంటే కనీసం ఎన్ని టన్నులు మోసే లారీ కావాలి? బరువులు క్రమంలో లేవు, వాటిని క్రమంలో పెట్టే వీలూ లేదు. కానీ ఒక లారీ సరిపోతే, అంతకన్నా పెద్దదీ తప్పక సరిపోతుంది. ఆ ఒక్క గుణమే ఇక్కడ ఆధారం.

జవాబును నేరుగా లెక్కగట్టడం కష్టం. ఇచ్చిన లారీ సరిపోతుందో లేదో చూడటం మాత్రం తేలిక: పట్టినంతవరకు లాట్లు ఎక్కించి, పట్టనిదాన్ని మరుసటి రోజుకు వదిలి, రోజులు లెక్కపెట్టాలి. 7 టన్నుల లారీలో 8 టన్నుల లాటు పట్టదు కాబట్టి 7 చాలదు. మొత్తం బరువు 35 టన్నులు కాబట్టి 35 చాలుతుంది. వెతుకులాట ఈ రెండింటి మధ్యే.

నడిమి అంకె 21. రెండు రోజుల్లో అయిపోతుంది, చాలు. 7, 21ల మధ్య 14. మొదటి రోజు 4, 7, 3 కలిసి సరిగ్గా 14. రెండో రోజు 6, 5, 2 కలిసి 13. మూడో రోజు 8. ఇదీ చాలు. తర్వాత 10కి ఐదు రోజులు, 12కి నాలుగు, 13కీ నాలుగే. 13 చాలదు, 14 చాలు, జవాబు 14. ఐదు పరీక్షలతో పని ముగిసింది. జవాబు వంద కోట్ల అంకెల్లో ఎక్కడున్నా సుమారు 30 పరీక్షలు సరిపోతాయి.

ప్రోగ్రాములు తప్పేది ఎక్కువగా హద్దుల దగ్గరే. `lo`, `hi` అనే రెండు అంకెలకు ఒక్కొక్క అర్థం కట్టబెట్టి, చివరిదాకా దాన్ని చెడనివ్వకపోవడమే ఇందుకు నమ్మకమైన మందు. కింది కోడ్‌లో `lo` ఎప్పుడూ చాలని అంకె, `hi` ఎప్పుడూ చాలే అంకె.

```
lo, hi = 7, 35
while hi - lo > 1:
    mid = lo + (hi - lo) // 2
    if days(mid) <= 3:
        hi = mid
    else:
        lo = mid
print(hi)
```

ఇందులో ఒకటి కలపడం, ఒకటి తీసేయడం ఎక్కడా లేదు. రెండు హద్దులూ పక్కపక్కకు రాగానే లూప్ ఆగుతుంది. అదే షరతును `lo < hi` అని రాస్తే, `lo` 13, `hi` 14 అయినప్పుడు `mid` మళ్లీ 13 అవుతుంది, `lo` కదలదు, ప్రోగ్రాం ఎప్పటికీ ఆగదు. ప్రారంభంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. అతి బరువైన లాటు 8 గనుక `lo`ను 8తో మొదలుపెడదామని అనిపించవచ్చు. కానీ గడువు ఆరు రోజులైతే 8 టన్నుల లారీయే సరిపోతుంది. చాలే అంకెను ‘చాలనిది’గా పెట్టినందుకు ప్రోగ్రాం 9 అని చెబుతుంది. గడువు మూడు రోజులుగా ఉన్నంతకాలం ఈ తప్పు బయటపడదు.

ప్రశ్న అడిగే తీరూ ముఖ్యమే. ‘మూడు రోజుల్లోపు’ అనడానికి బదులు ‘సరిగ్గా మూడు రోజుల్లో’ అని పరీక్షిస్తే, 14కి ‘అవును’, రెండు రోజుల్లోనే ముగించే 21కి ‘కాదు’ వస్తాయి. జవాబు ఒకసారి మారి మళ్లీ వెనక్కి తిరిగింది కాబట్టి ఏ సగాన్ని వదిలేయాలో తెలియదు.

నడిమి అంకెను `(lo + hi) / 2` అని రాస్తే మరో చిక్కుంది. 32 బిట్ల పూర్ణాంకం 2147483647 దాటలేదు. రెండు పెద్ద అంకెల మొత్తం ఆ హద్దు దాటితే రుణసంఖ్యగా మారిపోవచ్చు. జావా ప్రామాణిక లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లోనే ఈ లోపం ఏళ్లతరబడి దాగి ఉందని, దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో వెల్లడించాడు. పైథాన్‌లో ఈ ఇబ్బంది లేదు. జవాబుల మీద వెతికేటప్పుడు అంకెలు తరచూ కోట్లలో ఉంటాయి కాబట్టి, మిగతా భాషల్లో పై కోడ్‌లోలాగా తేడాను సగం చేసి కలపడమే మేలు.

ప్రోగ్రాం ఇచ్చిన జవాబును సరిచూడటానికి రెండు పరీక్షలు చాలు: ఆ అంకె సరిపోవాలి, దానికి ఒకటి తక్కువది సరిపోకూడదు. 14, 13లను ఇలా చేత్తో లెక్కించి చూశాకే జవాబును నమ్మండి.