ఏ జ్యా గీసినా పదహారే!

వృత్తం లోపల ఎక్కడో ఒక బిందువు పెట్టండి. దాని గుండా ఒక జ్యా గీస్తే ఆ బిందువు దగ్గర జ్యా రెండు ముక్కలవుతుంది. జ్యాను ఎటు తిప్పి గీసినా ఆ రెండు ముక్కల పొడవుల లబ్ధం మారదు. యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ మూడో పుస్తకంలో 35వ ప్రతిపాదన ఇదే. స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు యాకోబ్ స్టైనర్ 1826లో దీన్ని ‘బిందువు శక్తి’ అనే భావనగా మలిచాడు. మన ఇంటర్ పిల్లలకు ఇది వృత్తాల పాఠంలో ఎదురవుతుంది.

మామూలుగా లెక్చరరు నిర్వచనం చెప్పి, సూత్రం రాసి, రుజువు పూర్తిచేసి లెక్కల్లోకి వెళ్లిపోతారు. విద్యార్థి మనసులో ప్రశ్న పుట్టకముందే జవాబు వచ్చి కూర్చుంటుంది. ఈ వరసను తిరగేసి, సిద్ధాంతాన్ని పిల్లలే ముందు పట్టుకునేలా పాఠం నడపవచ్చు. అందుకు లెక్చరరు ఇంటి దగ్గరే చేసుకోవాల్సిన పని ఒకటుంది. అంకెలు ఎంచుకోవడం.

వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు, కేంద్రం నుంచి బిందువు 3 సెంటీమీటర్ల దూరం. ఈ పాఠానికి ఇవి సరిగ్గా సరిపోతాయి. బిందువు గుండా వెళ్లే వ్యాసం 8, 2 ముక్కలవుతుంది. దానికి లంబంగా గీసిన జ్యా 4, 4 అవుతుంది. రెండు చోట్లా లబ్ధం 16. మిగతా జ్యాలన్నీ ఈ రెండింటి మధ్య పడతాయి.

అదే బిందువును కేంద్రానికి 1 సెంటీమీటరు దూరంలో పెడితే పాఠం దారి తప్పుతుంది. అప్పుడు పొడవైన జ్యా 10, పొట్టిది దాదాపు 9.8. తేడా 2 మిల్లీమీటర్లే కాబట్టి, ముక్కల మొత్తం మారడం లేదని పిల్లలు తేల్చేస్తారు. స్కేలుతో కొలిచినవాడికి ఆ తప్పుడు సిద్ధాంతం నిజమనే అనిపిస్తుంది. బిందువును మరీ అంచుకు, 4.5 దగ్గర పెడితే ఇంకో చిక్కు. పొట్టి ముక్క అర సెంటీమీటరు ఉంటుంది. కొలతలో ఒక్క మిల్లీమీటరు పొరపాటు జరిగినా లబ్ధం ఐదో వంతు మారిపోతుంది. 3 దగ్గర పెడితే మొత్తం 8 నుంచి 10 దాకా స్పష్టంగా మారుతుంది, లబ్ధం మాత్రం 15, 17 మధ్యనే ఆగుతుంది.

ఇక క్లాసులో అందరూ ఇదే వృత్తం గీసి, ఇదే దూరంలో బిందువు పెడతారు. జ్యా మాత్రం ఎవరికి నచ్చినట్టు వాళ్లు గీసి రెండు ముక్కలూ కొలుస్తారు. కొలతలన్నీ బోర్డు మీద రెండు వరసల పట్టికలోకి ఎక్కుతాయి: 7.4, 2.2, 6.6, 2.4, 5.8, 2.8, 4.0, 4.0. ఈ పట్టికలో ‘లబ్ధం’ అనే మూడో వరస ముందుగా గీయకూడదు. గీశామంటే కనిపెట్టాల్సింది మనమే చెప్పేసినట్టు. పిల్లలకు మిగిలేది గుణకారమే.

‘ఏం గమనించారు?’ అని అడిగి ఆగాలి. ఒక ముక్క పెరిగితే రెండోది తగ్గుతోందని ముందుగా ఎవరో అంటారు. మొత్తం స్థిరమా అని ఇంకొకరు చూస్తారు, 9.6, 8.0 వచ్చేసరికి అది వీగిపోతుంది. ఎవరికీ దారి దొరక్కపోతే లబ్ధం మాట ఎత్తకుండా, ఈ జతలను గ్రాఫు కాగితం మీద బిందువులుగా పెట్టమనాలి. మొత్తమే స్థిరమైతే అవి ఒక సరళరేఖ మీద పడాలి. ఇక్కడ అవి వంపు తిరుగుతాయి. అతిపరావలయం చదివిన పిల్లలు ఆ వంపును గుర్తుపట్టి xy స్థిరమేమోనని గుణిస్తారు. 16.3, 15.8, 16.2, 16.0 వస్తాయి.

ఇక్కడే రుజువు మొదలుపెట్టేస్తే తొందరపడ్డట్టే. ఊహను ముందు పరీక్షకు పెట్టాలి. ఒక ముక్క 2.5 వచ్చేలా జ్యా గీస్తే రెండోది ఎంత ఉండాలి? కొలవక ముందే కాగితం మీద రాయాలి: 6.4. ఆ తర్వాత కొలిచి చూడాలి. మరి 1.5 ముక్క వచ్చే జ్యా ఉంటుందా? ఉంటే రెండోది 10.7 అవ్వాలి; ఈ బిందువు నుంచి వృత్తం మీది ఏ చోటికైనా గరిష్ఠ దూరం 8 మాత్రమే. కాబట్టి అలాంటి జ్యా లేదు. తర్వాత బిందువును కదపాలి. కేంద్రంలో పెడితే 25, 3 దూరంలో 16, 4 దూరంలో 9. లబ్ధం వ్యాసార్ధ వర్గంలోంచి దూరం వర్గాన్ని తీసేసినంత అని పిల్లలే చెబుతారు.

‘ఇన్నిసార్లు సరిపోయింది కదా, ఇంకా రుజువెందుకు సార్?’ అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. దానికి ఉపన్యాసం అక్కర్లేదు. వృత్తం మీద బిందువులు పెట్టి అన్నింటినీ ఒకదానితో ఒకటి కలపమనాలి, లోపల మూడు గీతలు ఒకేచోట కలవకుండా. ఒక బిందువుకు ఒకటే భాగం. రెండింటికి 2, తర్వాత 4, 8, 16. ఆరు బిందువులకు 32 అని క్లాసంతా అంటుంది. లెక్కపెడితే 31. వరసగా ఐదుసార్లు నిజమైన పోలిక ఆరోసారి తప్పింది. మన పట్టికలోనూ 15.8, 16.3 ఉన్నాయి, అవన్నీ అచ్చంగా 16 అని స్కేలు ఎప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు రుజువును వెనక నుంచి వెతకాలి. APB, CPD అని రెండు జ్యాలు P దగ్గర కలిశాయనుకుందాం. మనకు కావాల్సింది PA·PB = PC·PD. దీన్ని నిష్పత్తిగా మారిస్తే PA/PC = PD/PB. నిష్పత్తులు సమానమవ్వడం ఎక్కడ చూశాం? సరూప త్రిభుజాల్లో. అయితే ఏ రెండు త్రిభుజాలు? A, Cలను, B, Dలను కలిపితే PAC, PDB కనిపిస్తాయి. P దగ్గర శీర్షాభిముఖ కోణాలు సమానం. A, D దగ్గరివి ఒకే వృత్తఖండంలోని కోణాలు. రుజువు అయిపోయింది. రెండు గీతలు ఎందుకు కలిపారో విద్యార్థికి ఇప్పుడు తెలుసు.

ఇంటర్ స్థాయిలో రెండో దారి కూడా చూపాలి. కేంద్రం మూలబిందువు దగ్గర, P (3, 0) దగ్గర పెట్టి, θ కోణంలో గీసిన రేఖ మీది బిందువును (3 + t cos θ, t sin θ) అని రాసి వృత్త సమీకరణంలో ప్రతిక్షేపిస్తే ఇది వస్తుంది:

t² + 6t cos θ − 16 = 0

రేఖను తిప్పితే మారే కోణం మధ్య పదంలోనే ఉంది. మూలాల లబ్ధం −16, అందులో కోణం జాడే లేదు. రెండు ముక్కలూ వ్యతిరేక దిశల్లో ఉన్నాయి గనుక రుణ గుర్తు వచ్చింది. హోంవర్కుగా వ్యాసార్ధం 3, బిందువు బయట 5 సెంటీమీటర్ల దూరంలో ఇవ్వాలి. మళ్లీ లబ్ధం 16, ఈసారి ధనం. స్పర్శరేఖ పొడవు 4.

జియోజీబ్రా ఉన్నవాళ్లు దాన్ని హోంవర్కు తర్వాతే తెరవడం మంచిది. తెర మీద ప్రతిసారీ తేడా లేకుండా 16.00 కనిపిస్తే ఇక సందేహించడానికేమీ మిగలదు, రుజువు అవసరమూ తోచదు. కాగితం మీది 15.8, 16.3 ఆ సందేహాన్ని బతికిస్తాయి.

ఇదంతా ఒక్క పీరియడ్‌లో పట్టదు, రెండు కావాలి. సిలబస్ ఒత్తిడిలో ప్రతి సిద్ధాంతానికీ అంత సమయం ఇవ్వలేం. ఏడాదిలో మూడో నాలుగో ఎంచుకుని చేస్తే చాలు. ఎంచుకున్నవాటికి మాత్రం లెక్చరరు ముందురోజే స్కేలు, వృత్తలేఖిని పట్టుకుని తానే కొలిచి చూసుకోవాలి. ఏ అంకెలు పిల్లల్ని దారి తప్పిస్తాయో అప్పుడే తెలుస్తుంది.