మీటరు చూపే 13.2లో బ్యాటరీది ఎంత?

వేసవిలో ఇన్వర్టర్ బాగుచేసే కుర్రాళ్లకు తీరిక ఉండదు. బ్యాటరీ నిలవడం లేదని ఫోన్ చేస్తే వస్తాడు, ఇన్వర్టర్ ఆపుతాడు, మల్టీమీటర్ వైర్లు రెండు టెర్మినల్స్‌కు ఆనిస్తాడు. 13.2 అని కనబడుతుంది. ‘‘బ్యాటరీ ఫుల్లుగా ఉంది మాస్టారూ, దీనికేం కాలేదు’’ అని చెప్పి వెళ్లిపోతాడు. ఆ రాత్రి కరెంటు పోతుంది. గంట తిరక్కుండానే ఇన్వర్టర్ కీచుమంటుంది, ఫ్యాన్లు ఆగిపోతాయి.

మీటరులో లోపం లేదు. 13.2 అక్కడ నిజంగానే ఉంది. కానీ అది నిమిషం కిందటి దాకా ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ మీద కనిపించిన అంకె. అదే బ్యాటరీని ఎవరూ ముట్టకుండా మర్నాటి దాకా వదిలేసి చూస్తే 12.2కు దిగి ఉండొచ్చు.

పన్నెండు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ అంటే ఆరు సెల్స్ వరసగా కలిపిన పెట్టె. ఒక్కో సెల్‌లో సీసపు ప్లేట్లు, సీసపు ఆక్సైడ్ ప్లేట్లు, వాటి మధ్య నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన నాటి నుంచి లోపలి రసాయనం మారలేదు. ఇందులో యాసిడ్ ఊరికే మధ్యలో నిలబడి ఉండదు, అదీ పనిలో ఖర్చవుతుంది. బ్యాటరీ వాడుతున్నకొద్దీ యాసిడ్‌లోని సల్ఫేట్ ప్లేట్లలోకి వెళుతుంది, ద్రవం పలచనవుతుంది. ఛార్జి చేస్తే సల్ఫేట్ తిరిగి ద్రవంలోకి వస్తుంది, యాసిడ్ చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్నే మెకానిక్కులు గ్రావిటీ అంటారు, హైడ్రోమీటర్‌తో కొలుస్తారు.

గ్రావిటీకీ వోల్టేజికీ మధ్య ఒక సులువైన లెక్క ఉంది. గ్రావిటీకి 0.84 కలిపితే ఒక సెల్ వోల్టేజి వస్తుంది. దాన్ని ఆరుతో గుణిస్తే బ్యాటరీ వోల్టేజి. గ్రావిటీ 1.265 అయితే సెల్‌కు 2.105, మొత్తం 12.63. కార్ బ్యాటరీ గురించి ఎక్కడ చూసినా కనబడే పట్టిక ఇక్కడి నుంచే పుట్టింది: 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు, 11.8 దగ్గర ఖాళీ.

మన ఇళ్లలో ఇన్వర్టర్‌కు పెట్టే ట్యూబులర్ బ్యాటరీకి ఈ పట్టిక సరిపోదు. వేడి ప్రాంతాల్లో చిక్కటి యాసిడ్ ప్లేట్లను త్వరగా తినేస్తుందని, ఇక్కడి ట్యూబులర్ బ్యాటరీల్లో కాస్త పలచని యాసిడ్ పోస్తారు. నిండా ఛార్జి అయినప్పుడు కూడా దాని గ్రావిటీ 1.240 దగ్గరే ఉంటుంది. లెక్క కట్టి చూస్తే 12.48. అంటే కాస్త అటూ ఇటూగా 12.5 చూపించే ట్యూబులర్ బ్యాటరీ పూర్తిగా నిండినట్టే. కార్ పట్టిక పట్టుకున్నవాళ్లు మాత్రం అది ఎనభై శాతమే ఎక్కిందని, ఛార్జర్ పాడైందని అనుకుంటారు. సీల్ చేసిన ఏజీఎం రకంలో ఇది తలకిందులు. అందులో యాసిడ్ చిక్కగా ఉంటుంది కాబట్టి నిండినప్పుడు 12.8, ఇంకా పైన కూడా చూపిస్తుంది. ఏ బ్యాటరీయో తెలియకుండా శాతం చెప్పేవాడి మాట నమ్మనక్కర్లేదు.

సరైన పట్టిక దొరికినా, మొదట చెప్పిన 13.2 ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న అలాగే ఉంది.

ప్లేటు నున్నటి రేకు కాదు. సన్నటి రంధ్రాలతో నిండిన స్పాంజి లాంటి పదార్థం. ఛార్జింగ్‌లో బయటికొచ్చే యాసిడ్ ముందుగా ఆ రంధ్రాల్లోనే పోగుపడుతుంది. చింతపండు నానేసిన గిన్నెలో ముందు పండు చుట్టూ ఉన్న నీళ్లు పులుపెక్కి, గిన్నె అంచుల దాకా పులుపు చేరడానికి చాలాసేపు పట్టినట్టే, ఇక్కడా రంధ్రాల్లోని చిక్కదనం మిగతా ద్రవంలోకి మెల్లగా పాకాలి. మీటరుకు కనబడేది ప్లేటును తాకి ఉన్న యాసిడ్ చిక్కదనమే. అందుకే ఛార్జర్ తీసేశాక కూడా వోల్టేజి ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉంటుంది. దీన్నే సర్ఫేస్ ఛార్జ్ అంటారు.

ఛార్జర్ తీసిన తొలి నిమిషాల్లో అంకె గబగబా పడిపోతుంది, తర్వాత నత్తనడక. ఉదాహరణకు సగానికి కాస్త పైన మాత్రమే ఎక్కిన ట్యూబులర్ బ్యాటరీ ఛార్జింగ్‌లో 13.7 దగ్గర ఉందనుకుందాం. అది నిజానికి ఛార్జర్ పట్టి ఉంచిన వోల్టేజి, బ్యాటరీ సొంతం కాదు. వైరు తీయగానే 13.2 అవుతుంది. పది నిమిషాలకు 12.8. గంటకు 12.5 దాకా దిగుతుంది, ఇక్కడే చాలామంది ‘ఫుల్’ అని ముద్ర వేస్తారు. నాలుగైదు గంటలకు 12.3, మర్నాటికి 12.2 దగ్గర నిలబడుతుంది. బ్యాటరీని బట్టి ఈ అంకెలు మారతాయి కానీ, తొలుత నిలువుగా, తర్వాత ఏటవాలుగా దిగే తీరు మాత్రం మారదు.

అందుకే ఛార్జింగ్, వాడకం రెండూ ఆపి కనీసం నాలుగు గంటలు వదిలేస్తేనే పనికొచ్చే రీడింగ్ వస్తుంది. రాత్రంతా వదిలేస్తే మేలు. ఖచ్చితంగా కావాలంటే ఇరవైనాలుగు గంటలు. ఏజీఎం రకానికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి, ఎందుకంటే అందులో యాసిడ్ గాజు పీచులో పీల్చుకుని ఉంటుంది, సులువుగా కలవదు. బ్యాటరీ నిజంగా కుదుటపడిందో లేదో తెలుసుకోవడానికి గడియారం కంటే మంచి దారి ఒకటుంది. గంట తేడాతో రెండుసార్లు కొలవాలి. రెండు అంకెల మధ్య 0.02 కంటే ఎక్కువ తేడా ఉంటే అది ఇంకా దిగుతూనే ఉందన్నమాట.

వదిలేయడం అంటే నిజంగా వదిలేయడం. స్విచ్ ఆపినా కొన్ని ఇన్వర్టర్లు ఎంతోకొంత కరెంటు తాగుతూనే ఉంటాయి, మెయిన్స్ రాగానే ఛార్జింగ్ మొదలుపెడతాయి కూడా. కాబట్టి మెయిన్స్ ప్లగ్ తీసి, ఇన్వర్టర్ ఆపి, ఆ తర్వాత బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పాలి. ఛార్జింగ్‌లో ఉండగా విప్పకూడదు. అప్పుడు సెల్స్ నుంచి హైడ్రోజన్ వస్తూ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. కారులోనూ ఒక చిన్న చిక్కుంది. రాత్రంతా కదలకుండా ఉన్న కారు తలుపు తెరవగానే లోపలి దీపం వెలుగుతుంది, కంప్యూటర్లు నిద్ర లేస్తాయి, రీడింగ్ చెడిపోతుంది. ముందురోజే బానెట్ తీసి ఉంచుకుంటే తలుపు ముట్టకుండా కొలవొచ్చు.

అంత ఆగలేనివాళ్లకు అడ్డదారి ఉంది. కారైతే హెడ్‌లైట్లు మూడు నుంచి ఐదు నిమిషాలు వేసి ఆపి, పది పదిహేను నిమిషాలాగి చూస్తారు. ఇన్వర్టరైతే మెయిన్స్ తీసి రెండు ఫ్యాన్లు కాసేపు తిప్పి, బ్యాటరీ విప్పి ఓ గంట ఆగుతారు. పైన పేరుకున్న చిక్కదనాన్ని ముందుగా ఖర్చుపెట్టేస్తారన్నమాట. ఇలా వచ్చే అంకె ఉజ్జాయింపే, శాతం చెప్పేంత నమ్మకమైంది కాదు.

ఎదురు దిక్కులోనూ ఇదే తప్పు జరుగుతుంది. 150 ఆంపియర్ అవర్ల కొత్త ట్యూబులర్ బ్యాటరీ, దాని మీద రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, అంతా కలిపి 190 వాట్లు. ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుంటే బ్యాటరీ నుంచి దాదాపు ఇరవై ఆంపియర్లు లాగుతుంది. మూడు గంటల కోతలో 60 ఆంపియర్ అవర్లు ఖర్చు, అంటే మిగిలింది సుమారు అరవై శాతం. కానీ ఫ్యాన్లు తిరుగుతుండగానే కొలిస్తే మీటరు 11.9 చూపిస్తుంది, పట్టిక ప్రకారం దాదాపు ఖాళీ. రంధ్రాల్లోని యాసిడ్ అయిపోయింది, బయటి యాసిడ్ ఇంకా లోపలికి చేరలేదు, పైగా వైర్లలో, ప్లేట్లలో కొంత వోల్టేజి పోతోంది. లోడ్ తీసేస్తే అంకె కాసేపటికే 12.1కి లేస్తుంది, కొన్ని గంటలకు 12.2 చేరుతుంది. ఇన్వర్టర్ మీది బ్యాటరీ గీతలు చాలా మోడళ్లలో ఈ వోల్టేజిని చూసే వెలుగుతాయి. మిక్సీ వేయగానే రెండు గీతలు మాయమై, ఆపగానే తిరిగి రావడం అందుకే.

మీటరు సంగతి కూడా చూసుకోవాలి. నిండుకూ ఖాళీకీ మధ్య ఉన్న దూరం ముప్పావు వోల్టు మాత్రమే. అంటే వోల్టులో పదో వంతు తేడా వస్తే పదిహేను శాతం దాకా తప్పిపోవచ్చు. చవక మల్టీమీటర్‌ను 200 రేంజిలో పెడితే చుక్క తర్వాత ఒక్క అంకే కనబడుతుంది. 20 రేంజిలో పెడితే 12.48 అని రెండు అంకెలు కనిపిస్తాయి. అప్పుడైనా చవక మీటరు 0.06 దాకా అటూ ఇటూ చెప్పొచ్చు. మంచి మీటరుతో ఒకసారి పోల్చుకుని ఎంత తేడా ఉందో దాని వెనక రాసి అంటించుకునే మెకానిక్కులుంటే, వాళ్లు పని తెలిసినవాళ్లు.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకుని 12.5 వచ్చినా బ్యాటరీ గంటలోనే చేతులెత్తేయడం జరుగుతుంది. యాసిడ్ ఎంత చిక్కగా ఉందన్నదే వోల్టేజి చెబుతుంది. ప్లేట్లలో పనిచేసే పదార్థం ఎంత మిగిలిందో దానికి తెలియదు. ఏళ్లు గడిచి, సల్ఫేట్ గట్టిపడి, సగం ప్లేటు చచ్చిపోయిన బ్యాటరీ కూడా మిగిలిన సగంతో నిండి 12.5 చూపిస్తుంది. అది తేలాలంటే బ్యాటరీని నింపి, తెలిసిన లోడ్ పెట్టి, ఎన్ని గంటలు నడిచిందో చూడాలి. పై లెక్కలోని 190 వాట్లను కొత్త బ్యాటరీ ఐదు గంటలకు అటూ ఇటూ మోస్తుంది. అదే లోడుకు రెండు గంటల్లో ఇన్వర్టర్ ఆగిపోతే మార్చే రోజు వచ్చినట్టే.

ఎంతసేపు వదిలినా 10.5 దగ్గరే ఉండిపోయే బ్యాటరీది వేరే కథ. ఆరు సెల్స్‌లో ఒకటి షార్టయి రెండు వోల్టులు తగ్గాయని అనుమానించాలి. మూతలు విప్పి ఒక్కో సెల్ గ్రావిటీ చూస్తే అది దొరుకుతుంది. ఐదు సెల్స్ 1.23 చూపిస్తుండగా ఒకటి 1.15 దగ్గర ఉంటే, పోయింది ఆ సెల్లే. అయితే అంతకుముందే డిస్టిల్డ్ వాటర్ పోసి ఉంటే ఈ పరీక్షా నమ్మదగింది కాదు. కొత్త నీరు పైనే తేలుతుంది, హైడ్రోమీటర్ పీల్చేదీ పైదే. ఒకసారి పూర్తిగా ఛార్జి చేసి, బుడగలతో లోపలంతా కలిశాక చూడాలి.