అద్దె అగ్రిమెంట్ డ్రాఫ్టును ఎలా చదవాలి?

ఇంటి అద్దె అగ్రిమెంట్లు ఎక్కువగా 11 నెలలకే రాస్తారు. ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు లేకుండా చూసుకోవడానికే ఈ గడువు. డ్రాఫ్టులో గడువుతో పాటు, అది ముగిశాక కొత్త అగ్రిమెంట్ రాసుకోవాలా, పాతదే కొనసాగుతుందా అన్నదీ ఉండాలి.

అసలు చిక్కు లాకిన్, నోటీసు, అడ్వాన్సు అనే మూడు షరతులను విడివిడిగా చదవడంలో ఉంది. హైదరాబాద్‌లో నెలకు రూ.20,000 అద్దె, రూ.60,000 అడ్వాన్సు, ఆరు నెలల లాకిన్, రెండు నెలల నోటీసు ఉన్న ఒక డ్రాఫ్టును ఊహించుకుందాం. విడిగా చూస్తే దేనిలోనూ తప్పు కనబడదు. కానీ ‘లాకిన్ ముగిశాకే నోటీసు ఇవ్వాలి’ అన్న ఒక్క వాక్యం ఉంటే, ఆరు నెలల కట్టుబాటు ఎనిమిది నెలలవుతుంది.

నాలుగో నెలాఖరున వేరే ఊరికి బదిలీ అయిందనుకుంటే, లాకిన్‌లో మిగిలిన రెండు నెలలకు రూ.40,000 పోతుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె మినహాయిస్తామని కూడా రాసి ఉంటే మరో రూ.20,000. అడ్వాన్సులో రూపాయి మిగలదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న పరిహారం మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైనంతే కోర్టు ఇప్పిస్తుంది. అయితే డబ్బు ఓనరు చేతిలో ఉన్నప్పుడు కోర్టు దాకా వెళ్లేవారు తక్కువ. అందుకే బదిలీ అయితే, లేదా వేరొకరిని అద్దెకు కుదిర్చితే లాకిన్ వర్తించదని డ్రాఫ్టులోనే రాయించుకోవడం మేలు. ఆ ఆరు నెలలూ ఓనరు కూడా ఖాళీ చేయించకూడదని ఉండాలి. అది లేని లాకిన్ ఏకపక్షం.

అద్దె పెంపు శాతాన్ని అసలు అద్దెపైనే లెక్కిస్తారా, మెయింటెనెన్సు కలిపా అన్నది చూడాలి. 11 నెలలకోసారి పది శాతమంటే, మూడు పెంపుల తర్వాత రూ.20,000 కాస్తా రూ.26,620 అవుతుంది.

రిపేర్ల విషయంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కొంత అండగా ఉంటుంది. ఓనరు చేయాల్సిన రిపేరును నోటీసిచ్చినా చేయకపోతే, అద్దెకున్నవారు చేయించుకుని ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. కానీ ‘అన్ని రిపేర్లూ అద్దెదారువే’ అని సంతకం చేస్తే ఆ రక్షణ పోతుంది. గోడల చెమ్మ, పైపులైను, వైరింగు ఓనరువి. బల్బులు, కుళాయి వాషర్లు అద్దెకున్నవారివి అని పేర్లతో రాయించాలి.

చివరగా, ‘తగిన కోతల తర్వాత అడ్వాన్సు తిరిగిస్తాం’ అన్న వాక్యం ఉంటే కొట్టేయించాలి. దేనికి కోస్తారో, బిల్లు చూపిస్తారో లేదో, తాళాలు అప్పగించిన ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారో ఆ చోట రాయాలి. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు కోత ఉండదనీ చేర్చాలి.