మూడు కొంటే ఏడు బయటికొస్తాయి

బీరువా నిండా బట్టలున్నా పొద్దున్నే తీసేవి మాత్రం ఆ నాలుగైదు జతలే. మిగతావి పాతబడి కాదు, చాలాసార్లు జోడీ లేక మూలన పడి ఉంటాయి. అందుకే కొనే పని మూడో వారానికి వాయిదా వేయాలి.

విజయవాడలో రోజూ ఆఫీసుకు వెళ్లే ఒక ఉద్యోగిని బీరువానే తీసుకుందాం. మొదటి వారం అన్నీ మంచం మీద పరిచి, ఆరు నెలలుగా కట్టని ప్రతిదానికీ కారణం చీటీ మీద రాయాలి. ఆమెకు తేలింది ఇది: ఆవపువ్వు, ఆకుపచ్చ, బూడిద రంగుల సాదా కాటన్ చీరలు మూడు. వాటి జాకెట్లు బిగుతైపోయాయి. సాదా కుర్తీలు నాలుగు. వాటి ప్యాంట్లు వెలిసిపోయాయి, చున్నీలు ఎటో పోయాయి.

రెండో వారం టైలర్‌ది. జాకెట్ల లోపల కుట్టు పక్కన గుడ్డ మిగిలి ఉంటే వదులు చేయవచ్చు. చిరిగిన ఫాల్ మార్చుకోవచ్చు, జారిన అంచుకు పికో చేయించవచ్చు. ఈమె పాత జాకెట్లలో గుడ్డ మిగలలేదు. కాబట్టి జాకెట్ కొనాల్సిందే.

మూడో వారం షాపింగ్. షరతు ఒక్కటే: కొత్తది ఏదైనా ఇంట్లో ఉన్నవాటిలో కనీసం మూడింటికి నప్పాలి. నల్లని నేల మీద ఎరుపు, తెలుపు గళ్లున్న ఇక్కత్ జాకెట్ గుడ్డ మూడు చీరలకూ సరిపోతుంది. మీగడ రంగు కాటన్ స్ట్రెయిట్ ప్యాంటు, పెడన కలంకారీ చున్నీ నాలుగు కుర్తీలనూ ఆదుకుంటాయి.

ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు వేస్తారు. అందుకే డిజైన్ గుడ్డ రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. వెనక వెలవెలబోతే అది పైన అద్దిన ప్రింటు కావచ్చు. కొనేముందు చీర, కుర్తీ వెంట తీసుకెళ్లి, దుకాణం బయట పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూడాలి. లోపలి లైట్ల కింద మీగడ రంగు పసుపులా కనిపించవచ్చు.

జాకెట్ గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కుట్టించాలి. లేకపోతే తొలి ఉతుకుకే కుంచించుకుపోయి చంకల దగ్గర పట్టేస్తుంది. ఇరుపక్కలా లోపల అంగుళం చొప్పున గుడ్డ వదలమని టైలర్‌కు ముందే చెప్పాలి. తడిపిన తెల్ల గుడ్డతో చున్నీ మూలను రుద్ది చూడాలి. రంగు అంటితే కొన్నాళ్లు విడిగా ఉతికి, నీడలో ఆరేయాలి.

నాలుగో వారం పరీక్ష. ఒక్కో కొత్తదాన్నీ కనీసం మూడు జతల్లో వేసుకుని ఆఫీసుకు వెళ్లాలి. చేతులెత్తితే జాకెట్ పైకి లాగుతోందా, కూర్చుంటే ప్యాంటు నడుము దగ్గర నొక్కుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. నెలాఖరుకు కూడా బయటికి రాని కుర్తీ ఉంటే దాని చీటీ మళ్లీ చదవాలి. తేడా కొలతలో ఉంటే టైలర్ దగ్గరికి, రంగే నచ్చకపోతే ఇంకెవరికైనా ఇచ్చేయడానికి పక్కన పెట్టాలి. పెళ్లిళ్ల పట్టుచీరలకు ఈ లెక్క వర్తించదు. వాటిని ఏడాదికి రెండుసార్లే కట్టడం మామూలే.